క్లాసు గ్రూపులో ఏం నడుస్తోంది? ఒక లెక్కల టీచరు ఉత్తరం

ఎనిమిదో తరగతి లెక్కల క్లాసులో ఈమధ్య రెండంకెలు పక్కపక్కన పడితే చాలు, పాఠం ఆగిపోతోంది. బోర్డు మీద ఆరు, దాని పక్కన ఏడు. వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు ‘సిక్స్ సెవెన్’ అని సాగదీస్తాడు. రెండు అరచేతులూ పైకి తిప్పి, త్రాసు తూగినట్టు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఆడిస్తాడు. మరుక్షణం క్లాసంతా అదే పని. ఎందుకురా నవ్వుతున్నారు అంటే జవాబు చెప్పగలిగిన వాడు ఒక్కడూ ఉండడు.

హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరు, పేరెంట్స్ మీటింగుకు వారం ముందు, తన క్లాసు పిల్లల డైరీల్లో ఒక ఉత్తరం పెట్టి పంపారు. నాలుగు పేజీలు, తెలుగులో. ‘గౌరవనీయులైన తల్లిదండ్రులకు’ అని మొదలుపెట్టి, పిల్లలు తమ గ్రూపుల్లో పంపుకునే మీమ్స్ గురించి, వాడే మాటల గురించి వివరంగా రాశారు. అలా రాయడానికి కారణం ఆమె దగ్గరికి వచ్చిన ఫిర్యాదులే. కొడుకు ప్రతిదానికీ ‘ఐయామ్ కుక్డ్’ అంటున్నాడు, ఏదైనా మత్తు అలవాటైందేమోనని ఒక తండ్రి భయం. కూతురి ఫోనులో వరసగా పుర్రె బొమ్మలు చూసి ఇంకో తల్లికి రాత్రంతా నిద్రలేదు. ఆ రెండూ భయపడాల్సినవి కావు. ‘కుక్డ్’ అంటే ‘అయిపోయాను’, ‘నా పనైపోయింది’ అని. రేపు యూనిట్ టెస్టు ఉందనగా ఈరోజు అనే మాట. పుర్రె బొమ్మ అంటే నవ్వలేక చచ్చాను అని. ఆ మాట అమ్మానాన్నలూ రోజూ అనేదే, వాళ్లు నోటితో అంటే పిల్లలు బొమ్మతో అంటున్నారు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఒక్క ఫిర్యాదూ రాలేదు. టీచరు నాలుగు పేజీలు రాయడానికి అసలు కారణం అది.

మీటింగులో చాలామంది అడిగేది ఒక జాబితా. ఏ మాటకు ఏ అర్థం, ఏది మంచిది, ఏది చెడ్డది రాసిస్తే ఫ్రిజ్ మీద అంటించుకుంటామంటారు. ఆమె ఇవ్వలేదు. జాబితా అచ్చయ్యేలోపు సగం మాటలు పాతబడతాయి. పైగా పెద్దలకు తెలిసిన రోజే ఆ మాటకు పిల్లల్లో విలువ పోతుంది. ఇది ఫోన్లతో మొదలైంది కూడా కాదు. ఇప్పటి తల్లిదండ్రుల్లో ఎంతోమంది చిన్నప్పుడు ‘క’ భాష మాట్లాడినవాళ్లే. ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ తగిలించి, అమ్మమ్మ ముందే కూర్చుని సినిమా ప్లాను వేసుకున్నవాళ్లే. అమ్మమ్మకు అర్థం కాకపోవడమే అందులో ఆనందం. మనవాళ్లు ఎవరు, బయటివాళ్లు ఎవరు అని గీత గీసుకోవడానికి పదమూడేళ్ల వయసులో ఇలాంటి భాష ఒకటి కావాలి. ‘సిక్స్ సెవెన్’ చేస్తున్నదీ ఆ పనే.

దాని పుట్టుక కూడా టీచరు రాశారు. అమెరికాలో ఫిలడెల్ఫియాకు చెందిన స్క్రిల్లా అనే రాపర్ పాటలో ఈ రెండంకెలు వస్తాయి. లమెలో బాల్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. అతని వీడియోలకు ఎవరో ఆ పాట ముక్క అతికించారు, అక్కడి నుంచి బడి పిల్లల నోళ్లలో పడింది. 2025లో డిక్షనరీ డాట్ కామ్ వాళ్లు ఆ ఏటి మాటగా `67`నే ఎంచుకున్నారు. అర్థం చెప్పండంటే కచ్చితంగా ఇదీ అని వాళ్లూ చెప్పలేకపోయారు. అమెరికాలో కొన్ని బళ్లు క్లాసులో ఈ మాటను నిషేధించాయి కూడా. రీల్సు మీదుగా, డాలస్‌లో ఉండే పెదనాన్న కొడుకు మీదుగా అది మన బోర్డు దగ్గరికి వచ్చేసింది. ఈ టీచరు నిషేధించలేదు. ఎక్కం చెప్పేటప్పుడు తనే ముందుగా చేతులు ఆడించి ‘సిక్స్ సెవెన్, నలభై రెండు’ అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు పిల్లలకు అందులో రుచి పోయింది.

మిగిలిన మాటల్ని ఆమె ఎక్కువ సాగదీయలేదు. ‘రిజ్’ అంటే మాటలతో ఎదుటివాళ్లను ఆకట్టుకునే నేర్పు. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023కు ఆ ఏటి మాటగా ప్రకటించారు. మన కాలేజీ కుర్రాళ్లు ‘పులిహోర కలపడం’ అనేదానికి చుట్టమే. ‘ఆరా’ అంటే దర్జా, పరువు. దానికి పిల్లలు మార్కులు వేసుకుంటారు. బస్సు వెనకాల పరిగెత్తి జారిపడితే ‘మైనస్ థౌజండ్ ఆరా’. ‘స్కిబిడీ’ 2023లో యూట్యూబులో మొదలైన ఒక బొమ్మల సిరీస్ నుంచి వచ్చింది, ఎక్కడైనా వాడొచ్చు, ఏ అర్థమూ ఉండక్కర్లేదు. 2025లో కేంబ్రిడ్జి నిఘంటువులోకీ ఎక్కింది. ప్రశ్న అడిగితే పిల్లాడు పెదవుల మీద వేలుపెట్టి, ఆ వేలితోనే దవడ గీత చూపిస్తే అది టీచరును వెక్కిరించడం కాదు. నాలుకను అంగిట్లోకి నొక్కిపట్టి దవడ చెక్కుకుంటున్నాను, మాట్లాడలేను అని చెప్పడం. ఈ సాధనకు ‘మ్యూయింగ్’ అని పేరు, జాన్ మ్యూ అనే బ్రిటిష్ దంతవైద్యుడి ఇంటిపేరు అది. అలా చేస్తే దవడ ఆకారం మారుతుందనడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదు. అందుకే ఆ సైగ చూసి కోప్పడేకంటే, అద్దంలో తన ముఖం పిల్లాడికి నచ్చడం లేదా అని ఒకసారి ఆరా తీయమన్నారు టీచరు.

అమెరికా మాటలు అలా ఉంచితే, మన మాటల దగ్గర పెద్దలకు ఇంకో ఇబ్బంది ఉంది. ‘కుర్చీ మడతపెట్టి’ అనేది ఆరో తరగతి పిల్లలు కూడా గ్రూపులో వాడే స్టిక్కరు. హైదరాబాదులో కుర్చీ తాతగా పేరుపడ్డ ఒక పెద్దాయన యూట్యూబ్ ఛానల్ వాళ్లతో అన్న మాట అది. అసలు వాక్యం చివర పచ్చి బూతు. ఆ చివర కత్తిరించిన ముక్క మీమ్స్‌లో తిరిగి, 2024 సంక్రాంతికి వచ్చిన ‘గుంటూరు కారం’ సినిమాలో పాటైంది. పెళ్లి బరాత్‌లో డీజే పెడితే అమ్మానాన్నలు, బాబాయిలు అందరూ చిందేసిన పాటే. అదే మాట పిల్లాడు క్లాసులో అంటే చెంప మీద కొట్టడం ఎలా కుదురుతుందని టీచరు ప్రశ్న. వాడికి చివర కత్తిరించిన ముక్కే తెలుసు. తర్వాత ఎప్పుడో యూట్యూబులో అసలుది దొరుకుతుంది. ఆ లోపే ఇంట్లో ఎవరో ఒకరు ‘దాని అసలు మాట మంచిది కాదు నాన్నా, ఫలానా చోట అనకు’ అని మామూలు గొంతుతో చెబితే సరిపోతుంది. ఈ సంగతి పిల్లలకు ముందు చెప్పాల్సింది ఆ పాటకు డాన్సు వేసిన పెద్దలే.

ఇంతవరకూ ఒకటిన్నర పేజీ. మిగతా ఉత్తరమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఆమె రాసిన వాక్యం ఇది: “మాట బూతా కాదా అని మాత్రమే చూడకండి. ఆ మాట, ఆ బొమ్మ ఎవరి వైపు తిరిగి ఉందో చూడండి.” ఎవరినీ తగలని బూతు ఒకసారి కోప్పడితే తీరిపోతుంది. బూతు అన్నదే లేని బొమ్మ ఒక పిల్లాడిని బడి మాన్పించగలదు.

మీమ్ వెనక ఒక మనిషి ఉంటారన్న సంగతి పిల్లలకు తెలియజెప్పడానికి ఆమె ఎంచుకున్నది తెలుగువాళ్లందరూ ఎరిగిన ఉదాహరణ. మాదాపూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ ఒక కస్టమరుకు లెక్క చెబుతూ, మీది మొత్తం థౌజండ్ అయింది, టూ లివర్స్ ఎక్స్‌ట్రా అన్నారు. మామూలు బేరం మాట. అది రీల్సయింది, రీమిక్సయింది, రాష్ట్రమంతా నవ్వుకుంది. జనం తండోపతండాలుగా బండి దగ్గరికి వచ్చారు. రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోతోందని 2024 జనవరిలో పోలీసులు అక్కడ బండి పెట్టొద్దన్నారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని, ఆమె అక్కడే అమ్ముకోవచ్చని చెప్పాల్సి వచ్చింది. ఆ మాటలో తిట్టు లేదు, వెక్కిరింతా పెద్దగా లేదు. అయినా ఒక మనిషి పొట్టకూడు కొన్ని రోజులు ఊగిసలాడింది. ఆమె పెద్దావిడ, నిలదొక్కుకున్నారు, వ్యాపారమూ పెరిగింది. అదే ఏడో తరగతి పిల్లాడికి జరిగితే వాడి తరఫున ఏ ముఖ్యమంత్రీ రాడు.

ఇక్కడ టీచరు తన బడిలో జరిగింది రాశారు, పిల్లాడెవరో తెలియకుండా. జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇది.

ఒక పుట్టినరోజు పార్టీ. నోటినిండా కేకు, కళ్లు సగం మూతపడి ఉన్న క్షణంలో ఎవరో ఫొటో తీశారు. పార్టీ ఇచ్చిన ఇంటి తల్లే ముచ్చటపడి ఆ ఫొటోలన్నీ క్లాసు పేరెంట్స్ గ్రూపులో పెట్టారు. అందులోంచి ఆ ఒక్క ఫొటో పిల్లల గ్రూపులోకి వెళ్లింది. వాట్సాప్‌లో గ్యాలరీ ఫొటో నుంచి స్టిక్కరు చేయడానికి వేరే యాప్ కూడా అక్కర్లేదు. ఫొటో ఎంచుకుంటే మనిషి చుట్టూ అంచు అదే కత్తిరించి ఇస్తుంది. ఒక్క నిమిషం పని. మొదటిరోజు అందరూ నవ్వారు, ఆ పిల్లాడూ నవ్వాడు. తనే ఆ స్టిక్కరును రెండుసార్లు వాడాడు కూడా. ఇంతవరకూ అది స్నేహమే.

మూడు నాలుగు రోజులకు ఎవరో దాని మీద ‘లోడింగ్’ అని రాశారు. పిల్లాడు చదువులో కాస్త నెమ్మది. అక్కడ అర్థం మారిపోయింది. కేకు తినే ముఖం కాస్తా మొద్దు ముఖం అయింది. హోంవర్క్ ఏమిచ్చారని వాడు గ్రూపులో అడిగితే జవాబుగా ఆ స్టిక్కరే, ఒకరి తర్వాత ఒకరు. వాడు మళ్లీ అడిగితే మళ్లీ అదే. ప్రతిసారీ వాడు నవ్వు ఎమోజీ పెట్టాడు. రాత్రి తల్లి ఫోను చూసింది. బూతులు లేవు, బెదిరింపులు లేవు, అందరూ నవ్వుతున్నారు, కొడుకూ నవ్వుతున్నాడు. పిల్లలు సరదాగా ఉన్నారనుకుని ఫోను పక్కన పెట్టేసింది.

తర్వాత వాడు గ్రూపులో రాయడం మానేశాడు. సోమవారం పొద్దున కడుపునొప్పి మొదలైంది. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తడం లేదు. లేచి నిలబడితే ముందు బెంచీ నుంచి ‘లోడింగ్’ అని సన్నగా వినిపిస్తుంది. టీచరుకు మొదట అందింది ఆ ఒక్క మాటే.

తల్లి గమనించలేకపోయినది ఏమిటో టీచరు విడమరచి చెప్పారు. పిల్లాడు పెట్టిన నవ్వు ఎమోజీని నమ్మడానికి లేదు. అందరూ నవ్వుతుంటే నవ్వకపోవడం ఆ వయసులో ఇంకా పెద్ద ఓటమి. చూడాల్సింది కాలం గడిచేకొద్దీ వచ్చే తేడా. మొదట్లో ఆ బొమ్మను తనూ వాడేవాడు, ఇప్పుడు వాడుతున్నాడా? మిగతావాళ్ల ముఖాలతోనూ స్టిక్కర్లున్నాయా, లేక వాడి ముఖమొక్కటేనా? నలుగురివీ ఉండి, నలుగురూ ఒకరిమీద ఒకరు వేసుకుంటే అది ఆట. వాడు అడిగినదానికి జవాబు ఎవరైనా ఇస్తున్నారా? నెల కిందట ఎన్ని మాటలు రాశాడు, ఇప్పుడెన్ని? ఒక రాత్రి చాట్ చూస్తే ఇవేవీ తెలియవు, మూడు వారాలు వెనక్కి జరుపుకుంటూ పోతే తెలుస్తాయి. గ్రూపు ఒక్కసారిగా సద్దుమణిగినా సంతోషించాల్సిన పని లేదు. చాలాసార్లు ఆ ఒక్కడిని వదిలేసి మిగతావాళ్లు ఇంకో గ్రూపు తెరుచుకుని ఉంటారు.

స్టిక్కరును పోగొట్టడం ఎంత కష్టమో చాలామంది పెద్దలకు తెలియదు. పంపినవాడు ‘అందరికీ తొలగించు’ నొక్కవచ్చు, కానీ ఆ వీలు దాదాపు రెండు రోజుల వరకే. గ్రూపు అడ్మిన్ కూడా ఇతరుల మెసేజీలు తొలగించవచ్చు. అయితే ఆ స్టిక్కరును అప్పటికే ఎవరైనా తమ ఫేవరెట్స్‌లో దాచుకుని ఉంటే, చాట్‌లో చెరిపినా అది అక్కడే ఉంటుంది. వేరే గ్రూపులో, వచ్చే ఏడాది కూడా బయటికి రావచ్చు. అందుకని టీచరు క్లాసు ముందు ఎవరినీ నిలబెట్టలేదు. నిలబెడితే ఆ పేరు ఆ పిల్లాడికి శాశ్వతంగా అంటుకునేది. ఒక్కొక్క ఇంటికీ విడిగా ఫోను చేశారు. తల్లో తండ్రో పక్కన కూర్చుని, పిల్లల చేతే ఫేవరెట్స్‌లోంచి ఆ స్టిక్కరు తీయించాలని అడిగారు. చేసిన పిల్లలతో విడివిడిగా మాట్లాడితే, ‘అందరూ పంపుతున్నారని పంపాం మేడమ్’ అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదని ఆమె అంటారు. ఒక్కొక్కరూ పంపింది ఒకటో రెండో. అటువైపు చేరింది మాత్రం అన్నీ కలిపి.

ఇలాంటివి చిన్న సంగతులనుకునేవాళ్ల కోసం ఆమె కెనడాలో జరిగింది రాశారు. 2002లో క్యూబెక్‌లోని ట్రువా రివియేర్‌లో గిస్లాన్ రాజా అనే బడి పిల్లాడు, స్కూలు స్టూడియోలో ఒక్కడే ఉండి, గోల్ఫ్ బంతులు ఏరే కర్రను ‘స్టార్ వార్స్’ కత్తిలా తిప్పుతూ వీడియో తీసుకున్నాడు. టేపు అక్కడే ఉండిపోయింది. 2003లో తోటి పిల్లలకు దొరికి ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. అప్పటికి యూట్యూబ్, వాట్సాప్ పుట్టనేలేదు. అయినా లక్షలమంది చూశారు, చచ్చిపొమ్మని రాసినవాళ్లూ ఉన్నారు. అతను ఆ బడి వదిలేయాల్సి వచ్చింది. తల్లిదండ్రులు తోటి విద్యార్థుల కుటుంబాల మీద దావా వేశారు. 2006లో అది కోర్టు బయట రాజీ అయింది. తర్వాత అతను న్యాయశాస్త్రం చదివాడు, పెద్దయ్యాక ఈ సంగతి బహిరంగంగా మాట్లాడాడు.  వీడియో ఎక్కించిన పిల్లలు చేసింది ఒక టేపును తీసుకుని నలుగురికీ చూపించడం.

అక్కడినుంచి ఉత్తరం గొంతు మారుతుంది. పిల్లల ముఖాన్ని నగ్న శరీరానికి అతికించిన బొమ్మ, లేదా పిల్లల అసభ్య ఫొటో గ్రూపులో కనిపిస్తే పెద్దలు ఆవేశంలో చేసే మొదటి పని, ‘ఎవరీ పని చేసింది?’ అని అడుగుతూ ఆ బొమ్మను పేరెంట్స్ గ్రూపులో పెట్టడం. అది చేయకూడదు. సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్, 2012 నాటి పోక్సో చట్టం పిల్లల అశ్లీల చిత్రాలను పంపడాన్ని నేరమంటున్నాయి. దగ్గర ఉంచుకోవడం కూడా నేరం కావచ్చని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉద్దేశం మంచిదైనా, పంపిన ప్రతిసారీ ఆ పిల్లకు మళ్లీ అదే అన్యాయం జరుగుతుంది. చేయాల్సింది గ్రూపు పేరు, పంపిన నంబరు, తేదీ, సమయం కాగితం మీద రాసుకోవడం, cybercrime.gov.in లో గానీ దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ ఫిర్యాదు చేయడం. పిల్లల సహాయానికి 1098 ఉంది. పోక్సో కింద, తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, అది బడికీ వర్తిస్తుంది. అందుకే ‘మీ పిల్లాడి భవిష్యత్తు’ అంటూ ఏ తల్లిదండ్రులు బతిమాలినా ఇలాంటిదాన్ని నా దగ్గర దాచిపెట్టలేను అని టీచరు ముందే రాసేశారు.

రెండోది మాటల్లో కనిపించేది. ‘kms’ అని చదివితే పెద్దలు కిలోమీటర్లు అనుకుంటారు. పిల్లల భాషలో దాని అర్థం ‘చచ్చిపోతాను’, ‘నన్ను నేను చంపుకుంటాను’ అని. ‘kys’ అంటే ‘నువ్వు చావు’ అని. మొదటిది చాలాసార్లు ఉత్త అతిశయోక్తి. హోంవర్క్ ఎక్కువైందనీ, మ్యాచ్ ఓడిపోయారనీ అంటారు. కానీ రోజూ అదే మాట అంటున్నా, అర్ధరాత్రి ఒక్కరికే రాస్తున్నా, గ్రూపుల్లోంచి వరసగా బయటికి వచ్చేస్తున్నా, ఇష్టమైన వస్తువులు ఎవరికో ఇచ్చేస్తున్నా అది అతిశయోక్తి కాకపోవచ్చు. అప్పుడు నేరుగా అడగమన్నారు టీచరు: ‘నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?’ అలా అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. రెండో మాట ఎవరినుద్దేశించి వచ్చినా, సరదాకే అని చెప్పినా ఊరుకోవద్దన్నారు. ఆ పిల్లాడి మనసు ఆ రోజు ఎలా ఉందో రాసినవాడికి తెలియదు కాబట్టి.

ఇంతకీ ఈ గ్రూపులు ఎవరివి? 2020లో లాక్‌డౌన్‌కు బళ్లు మూతపడినప్పుడు క్లాసుకొక వాట్సాప్ గ్రూపు పుట్టింది. పాఠాలు, హోంవర్కు అన్నీ దానిలోనే. బళ్లు తెరిచాక అందులో అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా మార్చారు. పిల్లలు తమకంటూ ఇంకోటి పెట్టుకున్నారు, టీచర్లు లేనిది. వాట్సాప్ నియమాల ప్రకారం సొంతంగా నడిపే ఖాతాకు కనీసం పదమూడేళ్లు ఉండాలి. ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామందికి అంత వయసు రాదు. వాళ్లు రాస్తున్నది అమ్మ నంబరు మీద. గ్రూపులో కనిపించేది అమ్మ డీపీయే. అంటే ‘లోడింగ్’ స్టిక్కరు వెళ్లినదీ, రేపు పోలీసు ఫిర్యాదులో రాసేదీ ఆ తల్లి నంబరే. ఈ ఒక్క వాక్యం చదివి, తమ నంబరు ఎన్ని గ్రూపుల్లో ఉందో ఆ రాత్రే లెక్కపెట్టుకున్న తల్లులున్నారు.

మీటింగులో తండ్రులు ఎక్కువగా అడిగిన ప్రశ్న, ‘మేమూ ఆ గ్రూపులో చేరాలా టీచర్?’ అని. చేరొద్దన్నారామె. పెద్దలు చేరిన రోజున పిల్లలు ఇంకోటి తెరుస్తారు, ఈసారి దాని పేరు కూడా ఎవరికీ తెలియదు. పిల్లల వెనక దొంగచాటుగా ఫోను చదవడమూ వద్దన్నారు. దొరికిపోతే, తర్వాత నిజంగా చెప్పుకోవాల్సింది వచ్చినప్పుడు వాళ్లు చెప్పరు. వారానికోసారి పక్కన కూర్చుని ‘ఈ వారం బాగా పేలిన మీమ్ ఏది, నాకూ చూపించు’ అని అడగమన్నారు. పిల్లలకు చూపించాలని ఉంటుంది. నాలుగు చూపిస్తారు, ఐదోది గబుక్కున పైకి జరిపేస్తారు. ఆ ఐదోది ఎవరి ముఖమో అడగాలి. మీ ముఖమైతే ఎలా ఉంటుందని కాకుండా, ఆ పిల్లాడు దీన్ని చూశాడా, చూసి ఏమన్నాడు అని అడగాలి. రెండో ప్రశ్నకే నిజమైన జవాబు వస్తుందని ఆమె అనుభవం.

రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఫోను హాల్లోనే ఉండాలన్న ఒక్క నియమం ఆమె అడిగారు. తన దగ్గరికి వచ్చిన గొడవల్లో చాలావరకు ఆ తర్వాత మొదలైనవే, పెద్దలు పడుకున్నాక. రాత్రి ఎవరో పంపిన స్టిక్కరును చూసినవాడు పొద్దున్న బడికొచ్చేదాకా ఒంటరిగా దాంతోనే ఉంటాడని రాశారు.

ఉత్తరం చివరి పేజీలో పిల్లల గురించి ఏమీ లేదు. అదంతా పెద్దల గ్రూపు గురించే. పుట్టినరోజు ఫొటోలు, పిక్నిక్ ఫొటోలు నలభై కుటుంబాలున్న గ్రూపులో పెట్టవద్దని, ఏ పిల్లాడి ఫొటో అయితే వాళ్ల అమ్మానాన్నలకే విడిగా పంపమని ఆమె కోరారు. స్టిక్కర్లకు ముడిసరుకు ఎక్కువగా అక్కడినుంచే వెళ్తోంది. ముందు పేజీలకు తల ఊపినవాళ్లు మీటింగులో దీనికి మాత్రం అభ్యంతరం చెప్పారు. సంతోషం నలుగురితో పంచుకోకూడదా అని ఒక తల్లి బాధపడ్డారు. అరగంట వాదన తర్వాత ఒప్పందానికి వచ్చారు: గుంపు ఫొటో ఒకటి పెట్టవచ్చు, ఒక్కరినే దగ్గరగా తీసింది ఏదీ పెట్టకూడదు. ఎవరైనా పెడితే తీసేసే బాధ్యత నెలకొక ఇంటిది. మొదటి నెల ఆ కేకు ఫొటో పెట్టిన తల్లే తీసుకున్నారు.